ఎడమ ముందా, కుడి ముందా

ల్యాబ్‌లో ఆమెను అందరూ వరసక్క అనేవారు. ఆ పేరు పెట్టింది అద్దాలు అరగదీసే పెద్దాయన. ఏ కాగితం చేతికొచ్చినా ముందు అందులో ఏది ఏ వరసలో ఉందో వేలు పెట్టి చూసుకుని, ఆ తర్వాతే చదవడం ఆమె అలవాటు. టీ గ్లాసులు కడిగి బోర్లించినా సరే, పెద్దవి ఒక వరస, చిన్నవి ఒక వరస. పెద్దాయన ఒకరోజు ఆ గ్లాసుల కేసి చూసి, "నువ్వు మనుషుల్ని కూడా ఇలాగే నిలబెడతావేమో వరసక్కా" అన్నాడు. అంతే, అసలు పేరు జీతాల పట్టీకే పరిమితమైపోయింది.

ఈ పని ఆమెకు ఊరికే అబ్బలేదు. పెళ్లయిన కొత్తల్లో ఇంటికి రెండు వీధుల అవతల ఉన్న దర్జీ షాపులో కొలతల పుస్తకం రాయడానికి చేరింది. అక్కడ నలుగురు దర్జీలు. ఒకాయన భుజాన్ని 'భు' అని రాసేవాడు, ఇంకొకాయన 'షో' అని, మూడో ఆయన ఏమీ రాయకుండా అంకె మాత్రం వేసి కింద గీత పెట్టేవాడు. నాలుగో ఆయనకైతే చేతి పొడవు ముందు, ఛాతీ తర్వాత. ఒకరు తీసిన కొలత ఇంకొకరు కత్తిరిస్తే చొక్కా చేతులు మోకాళ్లదాకా వచ్చేవి. ఆమె ఒక నోటుబుక్కు కొని, నలుగురి భాషనూ ఒకే పద్ధతిలోకి మార్చి రాయడం మొదలుపెట్టింది. పదిహేడేళ్లు అదే పని చేసింది. షాపు మూతపడ్డాక, నలభై రెండేళ్ల వయసులో, ఈ కళ్లద్దాల ల్యాబ్‌లో పెట్టెలు కట్టే పనికి చేరింది. ఏడాది తిరిగేసరికి ఆర్డర్ల బల్ల దగ్గర కూర్చోబెట్టారు.

ఆర్డర్లంటే దుకాణాల నుంచి ఒకటీ అరా వచ్చేవి కావు. అక్కడా ఇక్కడా ఉచిత కంటి శిబిరాలు పెడతారు. ఒక్కోచోట రెండొందలు, మూడొందల మందికి పరీక్ష చేసి, ఆ వివరాలు పట్టికగా ల్యాబ్‌కి పంపుతారు. కొందరు కంప్యూటర్‌లో కొట్టి పంపుతారు, కొందరు చేత్తో నింపిన కాగితాలను స్కాన్ చేసి పంపుతారు. ఆ బొమ్మల్లోంచి గళ్లు, అంకెలు విడదీసి పట్టికగా మార్చే సాఫ్ట్‌వేరు ఒకటి ల్యాబ్‌లో ఉంది. అది మార్చి ఇచ్చిన పట్టిక నేరుగా అద్దాలు కోసే యంత్రానికి పనికిరాదు. యంత్రానికి కావలసింది పన్నెండు నిలువు వరసలున్న ఒకే ఒక్క మూస: ఆర్డరు నంబరు, పేరు, వయసు, కుడి కంటికి మూడు అంకెలు, ఎడమ కంటికి మూడు అంకెలు, దగ్గర చూపుకి ఎంత కలపాలో ఆ అంకె, రెండు కనుపాపల మధ్య దూరం, ఫ్రేము సైజు. ఆ పన్నెండు పేర్లలో ఒక్క అక్షరం తేడా వచ్చినా యంత్రం ఫైలును తిప్పికొడుతుంది. పేరు సరిగ్గా ఉండి కింద అంకె తప్పయితే మాత్రం కిక్కురుమనకుండా కోసేస్తుంది.

శిబిరాలవాళ్లకు ఈ పన్నెండు పేర్లతో సంబంధం లేదు. ఒకరు కుడి కన్నును 'ఆర్' అంటారు, ఒకరు 'ఆర్‌ఈ' అంటారు, పెద్ద ఆసుపత్రుల్లో చదువుకున్నవాళ్లు 'ఓడీ' అంటారు, బడి పంతుళ్లు నడిపిన శిబిరంలో శుభ్రంగా 'కుడి' అనే రాస్తారు. అన్నీ ఒకే కన్ను. ఎవరు ఏ పేరుతో వచ్చినా మన గడిలో ఎక్కడ కూర్చోవాలో చెప్పే పట్టీ ఒకటి వరసక్క దగ్గర ఉండేది. ఎడమ పక్క 'వచ్చిన పేరు', కుడి పక్క 'మన పేరు'. ల్యాబ్ మేనేజరు, ఇరవై ఎనిమిదేళ్ల ఇంజినీరమ్మాయి, ఒక చిన్న ప్రోగ్రాం రాసిపెట్టింది. అది వచ్చిన పట్టికలోని ఒక్కో హెడ్డింగునూ పట్టీలో వెతుక్కుని, దొరికితే మూసలో దాని చోట పెడుతుంది. దొరక్కపోతే ఎర్రగా చూపిస్తుంది. ఎర్రగా కనిపించినవాటి సంగతి వరసక్క చూసుకుంటుంది.

చూసుకోవడంలో తమాషాలకు కొదవ లేదు. ఒకసారి ఒక శిబిరం పట్టికలో కంటి చూపు ఎంతుందో రాసిన వరస ఉంది. ఆరు బై పన్నెండు, ఆరు బై తొమ్మిది అని రాశారు. కంప్యూటర్ వాటిని తారీఖులనుకుని, డిసెంబరు ఆరు, సెప్టెంబరు ఆరు అని మార్చేసింది. "ఇంతమందికీ పుట్టినరోజు ఆరో తారీఖేనా?" అని పెట్టెలు కట్టే అమ్మాయిలు నవ్వారు. మూసలో ఆ వరసకు చోటే లేదు కాబట్టి దాన్ని వదిలేశారు. ఇంకోసారి 'దగ్గర' అనే వరసను దగ్గర చూపుకి కలపవలసిన అంకె గడిలోకి పంపితే, చూడ్డానికి సరిగ్గానే సరిపోయింది. కానీ అరవై దాటిన ఒకావిడకు మూడున్నర వచ్చింది. అంత వయసువాళ్లకు మామూలుగా రెండున్నరకు మించి కలపరని పెద్దాయన ఎప్పుడో చెప్పిన మాట వరసక్కకు గుర్తుంది. శిబిరానికి ఫోన్ చేసి అడిగితే, అది కలపవలసిన అంకె కాదు, దగ్గరకు కావలసిన మొత్తం పవర్ అని తేలింది. ఆవిడకు దూరానికి ఒకటి, దగ్గరకు మూడున్నర. ఒకటి తీసేస్తే రెండున్నర. అప్పటినుంచి పట్టీలో మూడో వరస ఒకటి చేరింది: 'ఏం చెయ్యాలి'.

ఆ మూడో వరస చూసి మేనేజరమ్మాయి, ప్రోగ్రాం తను రాసినా దానికి బుద్ధి నేర్పింది మాత్రం అక్కేనని పై ఆఫీసుకు రాసింది. వరసక్క ఆ ఉత్తరాన్ని ఇంటికి తీసుకెళ్లి భర్తకు చూపించింది. ఆయన మంగలి షాపు నడుపుతాడు. ఉత్తరం అంతా చదివి, మడతపెట్టి, షాపులో అద్దం మూలన దూర్చుకున్నాడు. గడ్డం చేయించుకోవడానికి వచ్చిన ప్రతివాడూ అది చదివితీరాల్సి వచ్చింది.

ఆ ఏడాది వానలు వెలిసిన తర్వాత ఏడు శిబిరాల పట్టికలు ఒకేసారి వచ్చి పడ్డాయి. ఆరు సాఫీగా సాగిపోయాయి. ఏడోది బస్సు డిపోలో పెట్టిన శిబిరం. మెకానిక్కులు, టికెట్లు లెక్కచూసేవాళ్లు, బస్సులు కడిగేవాళ్లు, క్యాంటీన్‌వాళ్లు, అందరూ కలిసి మూడు వందల పద్దెనిమిది మంది. పదహారు కాగితాలు. సాఫ్ట్‌వేరు మార్చి ఇచ్చిన పట్టిక ముచ్చటగా ఉంది. ఒక్క హెడ్డింగు కూడా ఎర్రగా కనపడలేదు. వరసక్క చేతులు దులుపుకుని, కోతకు పంపేముందు అలవాటుగా పేర్ల మీద వేలు జరుపుకుంటూ పోయింది.

నూట నలభై ఒకటో వరసలో వేలు ఆగింది. అది ఆమె మరిది పేరు. డిపోలో మెకానిక్కు.

కుడి కంటికి మైనస్ మూడున్నర. ఎడమ కంటికి మైనస్ అర.

వరసక్క కళ్లజోడు తీసి, కొంగుతో తుడిచి, మళ్లీ పెట్టుకుని చూసింది. ఆమె కాపురానికి వచ్చేనాటికి ఆ మరిదికి పదేళ్లు. ఎడమ కంటికి చూపు మందం. బాగున్న కుడి కంటికి గంతలు కట్టి, మందంగా ఉన్న ఎడమ కంటిచేత పని చేయించమని డాక్టరు చెప్పాడు. ఆ గంతలు కట్టే డ్యూటీ కొత్త కోడలిది. రోజూ సాయంత్రం రెండు గంటలు. ఆ పిల్లాడు గంతల అంచున చిన్న సందు చేసుకుని దొంగచూపులు చూసేవాడు. ఆమె పట్టుకునేది, వాడు ఇల్లంతా పరుగు పెట్టించేవాడు. రెండేళ్లు సాగిన ఆ దాగుడుమూతల్లో ఏ కంటికి గంతలు కట్టిందో మరిచిపోవడం ఆమెవల్ల కాదు. బాగున్నది కుడి కన్ను. పట్టికలో మాత్రం కుడి కంటికి మూడున్నర.

వెంటనే ఫోన్ చేసింది. అవతల ఏదో ఇంజను మోగుతోంది.

"నీ ఏ కన్ను మందం రా?"

"ఇన్నాళ్లకు గుర్తొచ్చానా వదినా. ఎడమది. నువ్వు కట్టిన గంతలు ఎలా మర్చిపోయావు?"

"మర్చిపోలేదు. అందుకే అడిగాను. మొన్న పరీక్ష చేసినప్పుడు అదే చెప్పారా?"

"అదే చెప్పారు. కుడిది బానే ఉందన్నారు. ఏమైంది?"

ఏమీ కాలేదని చెప్పి పెట్టేసింది గానీ, ఆమె మనసు మనసులో లేదు. తప్పు మరిది ఒక్కడి వరసలోనే జరిగిందా, లేక మూడు వందల పద్దెనిమిది మందికీ ఇలాగే తారుమారయ్యాయా? ఒక్కడిదే అయితే ఆ గళ్లు మార్చేస్తే పోతుంది. అందరివీ అయితే, అందరి అద్దాలూ తిరగబడతాయి. మళ్లీ అందరివీ అనుకుని తిప్పేస్తే, తప్పు ఒక్కడిదే అయిన పక్షంలో మిగతా మూడు వందల పదిహేడు మందినీ తానే చేజేతులా ముంచినట్టవుతుంది.

స్కాన్ చేసిన అసలు కాగితాలు తెరిచి చూసింది. అక్కడ గుట్టు కొంత బయటపడింది. ఆ ఫారం స్కానర్ కంటే పొడుగు. పదహారు కాగితాల్లోనూ పై అంచు కత్తిరించుకుపోయింది. మామూలుగా ఇలాంటి ఫారాల్లో హెడ్డింగులు రెండు అంతస్తులుగా ఉంటాయి. పైన వెడల్పుగా 'కుడి కన్ను' అని ఒక గడి, దాని కింద ఆ కంటి పవర్ చెప్పే మూడు అంకెలకు స్పియర్, సిలిండర్, యాక్సిస్ అని మూడు గళ్లు. పక్కన 'ఎడమ కన్ను', దాని కింద మళ్లీ అవే మూడు. ఇక్కడ పై అంతస్తు మొత్తం ఎగిరిపోయి కింది అంతస్తు మిగిలింది. ఒకే పేరు రెండుసార్లు వచ్చేసరికి సాఫ్ట్‌వేరు తనకు తోచినట్టు రెండో దాని వెనక ఒకటి అంకె తగిలించింది. స్పియర్, స్పియర్ ఒకటి.

మరి ఎర్రగా ఎందుకు చూపించలేదు? పట్టీ తెరిచింది. అక్కడ ఆమె చేత్తోనే, నాలుగు నెలల కిందట, ఒక బడి శిబిరం పట్టిక వచ్చినప్పుడు కొట్టిన వరస ఉంది: స్పియర్ అంటే కుడి, స్పియర్ ఒకటి అంటే ఎడమ. ఆ శిబిరానికి అది నిజమే. కాగితం చూసే రాసింది. కానీ ఒక శిబిరం కోసం రాసిన మాటను ప్రోగ్రాం ఊరందరికీ వర్తింపజేసింది.

లేచి మేనేజరమ్మాయి గదికి వెళ్లింది.

మేనేజరమ్మాయి మొదట ఒప్పుకోలేదు. మిగతా ఆరు శిబిరాల్లోనూ కుడే ముందుంది, ఏ కంటి ఆసుపత్రికి వెళ్లినా కుడే ముందు రాస్తారు, కాబట్టి ఇది వరసక్క మరిది ఒక్కడి విషయంలో జరిగిన పొరపాటే అయ్యుంటుందని ఆమె వాదన. శిబిరంలో పరీక్ష చేసినాయనకు అక్కడే ఫోన్ చేశారు. ఆయన కూడా ఆ మాటే అన్నాడు. ప్రపంచమంతా కుడే ముందు రాస్తారు, తానూ అలాగే రాసుంటాడు, అయినా ఆ ఫారం తనది కాదు, డిపోవాళ్లు అచ్చు వేయించింది, ఏ గడి మీద ఏ పేరుందో చూసి ఆ ప్రకారం నింపానన్నాడు. డిపోలో ఆ ఫారం తయారుచేసిన గుమాస్తా, తన కూతురు ప్రసవించిందని, సెలవు పెట్టి వెళ్లాడు. ఫోన్ ఎత్తడం లేదు.

"రాసుంటాను అన్నాడు గానీ రాశాను అనలేదు" అంది వరసక్క.

"అక్కా, మధ్యాహ్నం ఈ శిబిరం కోత మొదలుపెట్టాలి."

"మిగతా ఆరింటిలో ఏదో ఒకటి ముందు కోయించండి. రేపు మధ్యాహ్నం దాకా నాకు వదిలెయ్యండి. ఇది మా మరిది ఒక్కడిదే అయితే నేనే వచ్చి చెబుతా."

మేనేజరమ్మాయి ఒక్క క్షణం ఆమె మొహంలోకి చూసి, పెద్దాయనను పిలిచి, డిపో శిబిరం పక్కన పెట్టి బడి పిల్లల అద్దాలు మొదలుపెట్టమంది.

సాయంత్రం భోజనాల దగ్గర వరసక్క భర్తకు ఈ కథంతా చెప్పింది. ఆయన అన్నం కలుపుతూ విని, తన షాపు సంగతి చెప్పాడు. కొత్తగా చేరిన పనివాడు అద్దంలో చూస్తూ కుడి, ఎడమ ఎప్పుడూ తికమకపడుతుంటాడట. కుర్చీ వెనక నిలబడ్డంతసేపూ బాగానే ఉంటాడు, ఎదురుగా వచ్చాడో, ఒక చెవి దగ్గర పొట్టిగా, ఒక చెవి దగ్గర పొడుగ్గా కత్తిరిస్తాడు.

"మరి నువ్వేం చేస్తావు?" అని అడిగింది.

"ఏముంది, కూర్చున్న మనిషినే అడగమంటాను. చెవి ఎవరిదో వాళ్లకే బాగా తెలుసుగా."

ఆమె చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. కాగితం మీద లేనిదాన్ని కాగితంలో వెతకడమెందుకు? కళ్లు డిపోలోనే ఉన్నాయి.

మర్నాడు ఉదయం పట్టికలోంచి ఒక చిన్న జాబితా తీసింది. రెండు కళ్లకూ దాదాపు ఒకే పవర్ ఉన్నవాళ్లతో ఏమీ తేలదు. ఒక కన్ను బాగా మందంగా, రెండోది దాదాపు బాగున్నవాళ్లు కావాలి. అందులోనూ మైనస్ ఉన్నవాళ్లే, అంటే దూరం కనపడనివాళ్లు. అలాంటివాళ్లు పందొమ్మిది మంది తేలారు. డిపోలో ఆ పూట డ్యూటీలో ఉన్నవాళ్లు పన్నెండు మంది. మేనేజరమ్మాయి తానూ వస్తానంది. పెద్దాయన, తనను వదిలి ఇద్దరూ షికారుకు పోతున్నారా అని టోపీ పెట్టుకుని వచ్చాడు.

డిపో ఆవరణలో ఒక పక్క బస్సులు వరసగా నిలబడి ఉన్నాయి, నుదుటి మీద నంబరు బోర్డులతో. అంతకంటే మంచి అక్షరాల చార్టు ఎక్కడ దొరుకుతుంది? టైమ్‌కీపరుగా పనిచేసే ఒకావిడ, రాత నేను చూసుకుంటానని అట్ట మీద కాగితం పెట్టుకుని నిలబడింది. పెద్దాయన సుద్దముక్కతో నేల మీద గీత గీశాడు. పన్నెండు మందీ వచ్చి గీత దగ్గర నిలబడ్డారు. ఏ కన్ను మందమో ఎవరినీ ముందుగా అడగవద్దని వరసక్క గట్టిగా చెప్పింది. అడిగితే, కొందరికి తమ కళ్ల సంగతి తమకే సరిగ్గా తెలియదు, నోటికొచ్చింది చెబుతారు. కన్ను మూసి చదివించడమే మార్గం.

ముందు మరిదే వచ్చాడు. వదిన ఎదురుగా గంతల జ్ఞాపకంతో కాబోలు, కుడి కన్ను అరచేత్తో మూసుకుని, వేళ్ల సందులోంచి చూడబోయాడు. ఆమె వెళ్లి ఆ చేతి మీద ఒక్కటి వేసింది. చుట్టూ ఉన్నవాళ్లంతా నవ్వారు. ఎడమ కంటితో బోర్డు మీద అంకెలు కాదు గదా, అది బస్సో లారీయో తెలియడం లేదన్నాడు. ఎడమ కన్ను మూసి, కుడి కంటితో గడగడా చదివేశాడు.

తర్వాత బస్సులు కడిగే ఒకావిడ. పట్టిక ప్రకారం ఆమె కుడి కన్ను మందం. ఆమె కుడి కంటితో బోర్డు చదివి, ఇంకా ముందుకు పోయి దాని కింద అద్దం మీద అంటించిన చీటీ కూడా చదివింది. ఎడమ కంటితో ఒక్క అంకె చెప్పలేకపోయింది. మూడో మనిషి క్యాంటీన్ వంటాయన. పట్టికలో ఎడమ కన్ను మందం అని ఉంది. ఆయనకు ఎడమ బాగుంది, కుడి మసక. అంతలో ముచ్చట చూడ్డానికి జనం మూగారు. నాలుగో మనిషి, ఐదో మనిషి. ఒక్కొక్కరు చదువుతుంటే చుట్టూ ఉన్నవాళ్లు పందెం చూస్తున్నట్టు చూశారు. డ్యూటీ దిగిన డ్రైవరు ఒకాయన బోర్డు పక్కకు వెళ్లి నిలబడి, సరిగ్గా చదివారా లేదా అని తల ఊపుతూ తీర్పులిచ్చాడు. తొమ్మిదో మనిషికి రెండు కళ్లతోనూ కనపడింది. వరసక్క పట్టికలో ఆయన వరస మళ్లీ చూసుకుంది. అప్పుడు ఆ మనిషే జేబులు తడుముకుని, కంట్లో పెట్టుకునే లెన్సులతోనే వచ్చానని, తీసి వస్తానని నల్లా దగ్గరికి పరిగెత్తాడు. తిరిగొచ్చాక ఆయనదీ తిరగబడింది.

పన్నెండుకు పన్నెండూ. పట్టికలో కుడి అన్నది ఎడమ, ఎడమ అన్నది కుడి.

మేనేజరమ్మాయి పట్టుకొచ్చిన కాగితంలో పన్నెండో పేరు పక్కన గుర్తు పెట్టి, నవ్వుతూ తల అడ్డంగా ఊపింది. "నేను కోయించేసేదాన్ని అక్కా" అంది నెమ్మదిగా.

"ఆ వరస పట్టీలో రాసింది నేనే కదండీ" అంది వరసక్క. "మీరు ఆగారు. అది చాలు."

అప్పుడు టైమ్‌కీపరమ్మ తాను రాసిన కాగితాన్ని మేనేజరు చేతికి ఇవ్వబోయి, వెనక పక్క ఏదో అచ్చు కనపడితే తిప్పి చూసింది. ఆ డిపోలో ఒక పక్క వాడిన కాగితాన్ని పారెయ్యరు. వెనక పక్క చిత్తుకు వాడుకుంటారు. ఆమె చేతిలో ఉన్నది శిబిరం ఫారమే. ఖాళీది. మిగిలిపోయినవి చిత్తు కాగితాల కట్టలో చేరాయి. పై అంచు చెక్కుచెదరకుండా ఉంది. హెడ్డింగు రెండు అంతస్తుల్లో పై అంతస్తున, వెడల్పాటి గడిలో, ముందుగా, నల్లటి అక్షరాలతో: ఎడమ కన్ను. ఆ తర్వాత: కుడి కన్ను.

పెద్దాయన ఆ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"అంటే ఇందాకటి నుంచి దీని వెనకాలే రాస్తున్నామా?"

డిపో డిపో అంతా పగలబడి నవ్వింది. మరిది అయితే నేల మీద కూర్చుండిపోయాడు. పన్నెండు మంది చేత కళ్లు మూయించి ఊరేగింపు చేయించింది ఇందుకా వదినా అని ఆయాసపడుతూ అడిగాడు. వరసక్క కూడా కళ్లనీళ్లు వచ్చేలా నవ్వింది. కానీ ఊరేగింపు దండగ కాదని ఆమెకు తెలుసు. ఏ గడి మీద ఏ పేరుందో ఫారం చెబుతుంది. ఆ పేరు ప్రకారమే నింపారా, అలవాటుకొద్దీ కుడి ముందు నింపారా అన్నది ఫారం చెప్పలేదు. అది కళ్లే చెప్పాలి. ఇప్పుడు రెండూ ఒకే మాట చెప్పాయి.

ఆ మధ్యాహ్నం ల్యాబ్‌కి తిరిగొచ్చి, స్పియర్ అంటే కుడి అనే పాత వరసను పట్టీలోంచి కొట్టేసింది. దాని బదులు మేనేజరమ్మాయి ప్రోగ్రాంలో రెండు మార్పులు చేసింది. ఏ కన్నో చెప్పని హెడ్డింగు ఏదొచ్చినా, ఎంత పాత పరిచయమైనా, ఎర్రగానే చూపిస్తుంది. అలాంటిదానికి ఇచ్చిన జవాబు ఆ ఒక్క శిబిరానికే చెల్లుతుంది, పక్క శిబిరానికి పాకదు. మూడు వందల పద్దెనిమిది వరసలనూ కొత్తగా మూసలోకి పంపారు. నూట నలభై ఒకటో వరసలో కుడి మైనస్ అర, ఎడమ మైనస్ మూడున్నర. వరసక్క ఆ గడి మీద వేలు పెట్టి కాసేపు అలాగే ఉంచింది. అప్పుడు కోత మొదలైంది.

పదకొండు రోజుల తర్వాత డిపోలో కళ్లజోళ్లు పంచారు. పెట్టెలు కట్టే అమ్మాయిలతో సహా ల్యాబ్‌వాళ్లంతా వెళ్లారు. గుమాస్తా కూడా సెలవు ముగించుకుని వచ్చాడు, మనవడు పుట్టిన సంతోషంతో అందరికీ మిఠాయి పంచుతూ. ఫారం గొడవంతా విని ఆయన నొచ్చుకోలేదు, ఆశ్చర్యపోయాడు.

"కాగితానికి ఎడమ పక్కన ఎడమ కన్ను పెట్టాను, కుడి పక్కన కుడి కన్ను పెట్టాను. ఇంకెలా పెడతారండీ?"

వరసక్క ఆలోచించి, మీరు పెట్టింది బాగానే ఉంది, పై అంచు మాత్రం స్కానర్‌లో పట్టేలా పెట్టండి అని చెప్పింది. ఆయన తక్షణం జేబులోంచి కాగితం తీసి రాసుకున్నాడు.

బస్సులు కడిగేవాళ్లలో రెండు కళ్లకూ చూపు తక్కువైన ఇంకొకావిడ కళ్లజోడు పెట్టుకుని ఆవరణంతా ఒకసారి కలయజూసింది. టికెట్ గది మీద ఉన్న గడియారం దగ్గర ఆమె చూపు నిలిచిపోయింది. ఆ గడియారానికి సెకన్ల ముల్లుందని తొమ్మిదేళ్లుగా తనకు తెలియదని అంది. అది ఒక చుట్టు తిరిగేదాకా అక్కడే నిలబడి చూసింది. క్యాంటీన్ వంటాయన తన వంటగదిలోకి వెళ్లి, రెండు నిమిషాల్లో బయటికొచ్చి, ఆ గోడలకు సున్నం వేయించేదాకా లోపలికి ఎవరినీ రానివ్వనని ప్రకటించాడు. తొమ్మిదో మనిషి, లెన్సులాయన, రెండు జతల కళ్లు ఉన్న మొనగాణ్ని నేనొక్కణ్నే అని తిరిగాడు.

మరిది కళ్లజోడు పెట్టుకుని నేరుగా వదిన ముందుకు వచ్చి నిలబడ్డాడు. కుడి కన్ను చేత్తో మూసుకున్నాడు. ఈసారి వేళ్లు దగ్గరగానే ఉన్నాయి. ఎడమ కంటితో ఆమెను తేరిపార చూశాడు. చిన్నప్పటినుంచి మందగించిన కన్ను గనుక అన్నీ తేటగా కనపడకపోవచ్చని పెద్దాయన ముందే చెప్పాడు.

"కొంచెం మసగ్గానే ఉంది" అన్నాడు చివరికి. "కానీ నువ్వేనని తెలుస్తోంది వదినా. జుట్టు బాగా నెరిసింది."

ఆమె వాడి చేతి మీద మళ్లీ ఒక్కటి వేసింది.

ఆ ఆదివారం తోటికోడలు ఫోన్ చేసింది. ఏదో మంచి కబురనుకుని వరసక్క ఉత్సాహంగా ఎత్తింది. అవతల ఆమె గొంతులో కోపం, నవ్వు కలగలిసి ఉన్నాయి.

"అక్కా, మీ మరిదికి కళ్లజోడు ఎందుకిచ్చారు? పొద్దుటి నుంచి మూలమూలా తిరిగి బూజు చూపిస్తున్నాడు. ఇన్నేళ్లూ ఇల్లు అద్దంలా ఉందని మురిసిపోయేవాడు."

"చీపురు ఇచ్చి చూడు" అంది వరసక్క.

"ఇచ్చాను. దులుపుతున్నాడు. అదే చెబుదామని చేశాను."

ఇద్దరూ అలా నవ్వుతుంటే, అవతల కుర్చీ మీదికెక్కిన మరిది, మీరిద్దరూ నా గురించేనా మాట్లాడుకుంటున్నారు అని అరవడం ఫోన్‌లో వినిపించింది. వరసక్క భర్త షాపు బట్టలు ఆరేస్తూ, విషయమేంటని కనుబొమలు ఎగరేశాడు. ఆమె ఫోన్ ఆయన చెవికి ఆనించి, తాను వెళ్లి మిగతా బట్టలు ఆరేసింది.